ఒక పేజీ, మూడు సగటులు

విజయవాడలో ఉండే ఒక పెద్దాయన ప్రతి ఆదివారం తన షుగరు పుస్తకంలో ఆ వారం పేజీని ఫోటో తీసి, హైదరాబాదులో ఉన్న కూతురికి వాట్సాప్‌లో పంపుతాడనుకుందాం. కింద ఒక మాట కూడా రాస్తాడు: "మూడు నెలల షుగరు ఎంత రావొచ్చో లెక్కేసి చెప్పమ్మా." పేజీలో పద్నాలుగు రీడింగులున్నాయి. అన్నీ కూడి పద్నాలుగుతో భాగిస్తే సగటు వస్తుంది. దాన్ని ఒక సూత్రంలో వేస్తే జవాబు వస్తుంది. ఐదు నిమిషాల పని. చిక్కేమిటంటే ఆ ఒక్క పేజీ నుంచే 5.9 తేల్చవచ్చు, 7 తేల్చవచ్చు, 7.4 కూడా తేల్చవచ్చు. కూడిక, భాగహారం ఎక్కడా తప్పవు.

సూత్రం ఎక్కడిది?

రక్తంలోని గ్లూకోజు కొంత ఎర్రకణాల్లోని హిమోగ్లోబిన్‌కు అంటుకుపోతుంది. ఎర్రకణం ఆయుష్షు సుమారు 120 రోజులు. కాబట్టి ఎంత శాతం హిమోగ్లోబిన్‌కు గ్లూకోజు అంటిందో కొలిస్తే గత రెండు మూడు నెలల్లో షుగరు ఎలా ఉందో తెలుస్తుంది. హెచ్‌బీఏ1సి పరీక్ష చేసేది అదే. మన ఇళ్లలో దాని పేరు మూడు నెలల షుగరు.

రోజువారీ సగటుకూ ఈ శాతానికీ ఉన్న సంబంధాన్ని డేవిడ్ నాథన్ బృందం 507 మందిపై పరిశీలించి 2008లో 'డయాబెటిస్ కేర్' పత్రికలో ప్రకటించింది. ఆ సూత్రాన్ని తిప్పి రాస్తే ఇలా ఉంటుంది:

```
HbA1c = (సగటు + 46.7) / 28.7
```

సగటు 126 అయితే 6, 154 అయితే 7, 183 అయితే 8 వస్తుంది. ఆ అధ్యయనంలో పాల్గొన్నవారికి వేలి చుక్కతో పాటు, చర్మం కింద అమర్చిన సెన్సరుతో పగలూ రాత్రీ గ్లూకోజు కొలిచారు. అంటే సూత్రం అడుగుతున్నది రోజు మొత్తం సగటును. పుస్తకంలో ఉన్నది మాత్రం సూది గుచ్చుకున్న క్షణాల సగటు. తేడా అంతా ఇక్కడే పుడుతుంది.

పేజీ చూద్దాం

పరగడుపు రీడింగులు ఏడు రోజులూ ఉన్నాయి: 118, 124, 131, 112, 127, 121, 128. టిఫిన్ తిన్న రెండు గంటలకు చూసినవి మూడే: 196, 214, 205. రాత్రి భోజనానికి ముందు రెండు: 142, 150. భోజనం తర్వాత రెండు: 188, 198.

పరగడుపు వరుస నిండుగా ఉందని దాన్నొక్కదాన్నే తీసుకుంటే సగటు 123, సూత్రం ప్రకారం 5.9. నాన్నగారు సంతోషిస్తారు. పద్నాలుగూ కలిపితే మొత్తం 2,154, సగటు 154, జవాబు 7. కానీ ఈ పద్నాలుగులో సగం పరగడుపువే. రోజులో షుగరు బాగా తక్కువగా ఉండే వేళకు ఏడు ఓట్లు, బాగా పెరిగే టిఫిన్ వేళకు మూడు ఓట్లు వేసినట్టయింది.

అందుకే ముందు ఏ వేళకు ఆ వేళ సగటు కట్టి, ఆ సగటులకు మళ్లీ సగటు తీయాలి. పరగడుపు 123, టిఫిన్ తర్వాత 205, రాత్రి భోజనం ముందు 146, తర్వాత 193. నాలుగింటి సగటు సుమారు 167. జవాబు 7.4. ఫోన్‌లోని స్ప్రెడ్‌షీట్‌లో ఒక్కో వేళను ఒక్కో నిలువు వరుసలో రాసుకుంటే ఇది చాలు:

```
=AVERAGE(AVERAGE(B2:B8),AVERAGE(C2:C8),
 AVERAGE(D2:D8),AVERAGE(E2:E8))
```

మూడింటిలో ఇదే నమ్మదగ్గది, అయినా ఇదీ కచ్చితం కాదు. నిద్రపోయే ఏడెనిమిది గంటల షుగరు ఇందులో పెద్దగా లేదు, కాబట్టి అసలు సగటు కొంత తక్కువ ఉండొచ్చు. మధ్యాహ్నం అన్నం తిన్నాక ఒక్కసారీ చూడలేదు, కాబట్టి ఎక్కువా ఉండొచ్చు. గుచ్చుకోని వేళ గురించి పేజీ ఏమీ చెప్పలేదు.

ఫోటోలో జరిగే పొరపాట్లు

చేతిరాతలో 1, 7లా కనబడటం మామూలే. 112ను 172గా చదివితే పద్నాలుగింటి సగటు 154 నుంచి 158 అవుతుంది, జవాబు 7.1. ఒక అంకె తప్పితే పెద్ద నష్టం లేదు. వరుస తప్పితే మాత్రం లెక్క కూలిపోతుంది. పెద్దాయన రోజూ రాత్రి తీసుకునే 14 యూనిట్ల ఇన్సులిన్ కూడా అదే పేజీలో ఒక వరుసగా ఉందనుకోండి. ఫోటోలో పై శీర్షికలు తెగిపోయాయి. ఆ ఏడు పద్నాలుగులనూ షుగరు అనుకుని కలిపేస్తే సగటు 107కు, జవాబు 5.4కు పడిపోతుంది. బీపీ, నాడి, బరువు రాసే పుస్తకాలకూ ఇదే ప్రమాదం.

దీన్ని పట్టుకోవడం తేలికే. లెక్కకు ముందు ఎన్ని రీడింగులు ఎక్కించామో, అందులో అతి చిన్నది ఏది, అతి పెద్దది ఏది అని చూసి పేజీతో పోల్చాలి. పద్నాలుగుకు బదులు ఇరవై ఒకటి వచ్చినా, అతి చిన్నది 14 అని కనిపించినా ఏదో వరుస దూరిందన్నమాట.

ఇంకో రెండు మెలకువలు. చూడని పూట గడిని ఖాళీగా వదలాలి, సున్నా పెట్టకూడదు. స్ప్రెడ్‌షీట్ ఖాళీని వదిలేస్తుంది, సున్నాను మాత్రం షుగరుగా లెక్కేస్తుంది. అలాగే మీటర్ కొలవలేనంత ఎక్కువ ఉన్నప్పుడు తెరమీద `HI` అని వస్తుంది. చాలా మీటర్లలో దాని అర్థం 600 దాటిందని. స్ప్రెడ్‌షీట్ దాన్ని అక్షరాలనుకుని పక్కన పెట్టేస్తుంది, సగటు అందంగా కనిపిస్తుంది. పేజీలో ఆ రెండక్షరాలు ఉంటే సగటు సంగతి తర్వాత, ముందు డాక్టరుకు ఫోన్ చేయాలి.

బ్రిటన్‌లో ఉన్న బంధువు పంపిన పేజీలో 8.5, 9.2 లాంటివి కనిపిస్తే కంగారు పడనక్కర్లేదు. అక్కడి కొలమానం వేరు. 18తో గుణిస్తే మన అంకె వస్తుంది.

ల్యాబు రిపోర్టు వేరే చెబితే

మనం తేల్చిన 7.4కు అర్థం, ఈ వారంలాగే రెండు మూడు నెలలు గడిస్తే ల్యాబులో దాదాపు అంత రావొచ్చని. గత నెలలో పెళ్లిళ్లు, పండగలు ఉంటే రిపోర్టులో అవీ కలుస్తాయి. పైగా మనిషికీ మనిషికీ తేడా ఉంటుంది. ఆ 2008 లెక్కల ప్రకారమే హెచ్‌బీఏ1సి 7 ఉన్నవారిలో దాదాపు అందరి సగటూ 123కూ 185కూ మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. ఐరన్ లోపంతో రక్తం తక్కువగా ఉన్నవారిలో ల్యాబు అంకె ఉన్నదానికంటే ఎక్కువ చూపవచ్చు. ఈమధ్య రక్తం పోయినా, రక్తం ఎక్కించినా తక్కువ చూపవచ్చు. పుస్తకానికీ రిపోర్టుకూ బాగా తేడా వస్తే రెండూ డాక్టరు ముందు పెట్టాలి. ఇంట్లో వేసిన లెక్కను బట్టి మాత్రలు గానీ ఇన్సులిన్ గానీ మార్చకూడదు.

పెద్దాయన వారానికి వాడేది పద్నాలుగు స్ట్రిప్పులు. పరగడుపు రోజూ చూడాలని డాక్టరు చెప్పి ఉండకపోతే, అవే పద్నాలుగింటిని రోజుకు రెండు చొప్పున జంటలుగా వాడుకోవచ్చు. ఒకరోజు టిఫిన్‌కు ముందు, రెండు గంటల తర్వాత. మరునాడు మధ్యాహ్న భోజనానికి. ఆ మరునాడు రాత్రి భోజనానికి. మళ్లీ మొదటికి. స్ట్రిప్పుల ఖర్చు పెరగదు, మధ్యాహ్నం గడి నిండుతుంది. ఫోటో తీసేటప్పుడు శీర్షికల వరుస తెగిపోకుండా చూసుకుంటే కూతురి లెక్కా నిలబడుతుంది.