మేనేజర్‌కు తొలి వారం మెయిల్

హైటెక్ సిటీలో సోమవారం ఉద్యోగంలో చేరినవారికి ఆ రోజంతా ల్యాప్‌టాప్, పాస్‌వర్డ్‌లు, హెచ్‌ఆర్ ఫారాలతోనే గడిచిపోతుంది. మేనేజర్‌తో విడిగా మాట్లాడే సమయం అడగడానికి మంగళవారం నయం.

"మీకు వీలైనప్పుడు మాట్లాడదామా సర్?" అని రాస్తే చాలాసార్లు జవాబు రాదు. ఆ వీలేదో వెతికే పని ఆయన నెత్తినే పడుతుంది మరి! క్యాలెండర్‌లో ఖాళీ చూసి ఇలా రాస్తే పని తేలిక: "గురువారం 3 గంటలకు గానీ, శుక్రవారం 11కు గానీ ఓ 30 నిమిషాలు ఇవ్వగలరా? మొదటి నెలలో నేను ఏం పూర్తిచేయాలి, సందేహాలొస్తే ఎవరిని అడగాలి అన్నవి తెలుసుకోవాలని. సరేనంటే ఇన్వైట్ పంపుతాను."

ఇలాంటి భేటీకి ఎజెండా తయారుచేయాల్సింది కింది ఉద్యోగేనని అప్పటి ఇంటెల్ అధ్యక్షుడు ఆండీ గ్రోవ్ 1983లోనే రాశారు.

బుధవారం సాయంత్రానికీ ఉలుకూపలుకూ లేకపోతే, చాట్‌లో ఒకసారి గుర్తుచేయడంలో తప్పులేదు.