ఫోనులోకి ఉత్త అంకెలు వస్తే...

ఏలూరు: పేరు లేదు, ఊరు లేదు. ఆరు అంకెలు మాత్రం ఫోనులో దిగుతాయి. కింద ఇంగ్లీషులో ఏదో ఉన్నా చదివేవారు తక్కువ. కాసేపటికి తెలిసినవారి పేరుతో ఒక కబురు వస్తుంది: ఆ అంకెలేమిటో చెప్పమని. ఇక్కడ ఇచ్చే జవాబును బట్టే నష్టమో క్షేమమో తేలుతుంది.

అంకెలతో కబురు పంపడం మనకు కొత్త కాదు. తంతి రోజుల్లో పండుగకో పెళ్లికో శుభాకాంక్షలకు ఒక నంబరు చెబితే చాలు, అవతలి తపాలా కార్యాలయంలో దాని వాక్యం రాసి ఇచ్చేవారు. 2013 జూలైలో ఆ తంతి సేవ ముగిసింది. అప్పుడు అంకెకు అర్థం చెప్పే జాబితా రెండు చోట్లా ఉండేది. ఇప్పుడు ఫోనులోకి వచ్చే ఆరంకెలు కబురు కాదు, తాళంచెవి. మీరు అడగకుండా వచ్చాయంటే ఎవరో మీ నంబరు కొట్టి మీ తలుపు దగ్గర నిలబడ్డారన్న మాట. ఒక్కోసారి వేరొకరు తమ నంబరు తప్పుగా కొట్టినా రావచ్చు. ఏదైనా సరే, అంకెలు రావడం వల్ల నష్టం లేదు, చెప్పడం వల్లే నష్టం.

మోసం జరిగే తీరు

కైకలూరు వైపు చేపల చెరువు రైతు ఒకాయన ఉన్నారనుకుందాం. చేపల ధరలు, మేత లెక్కలు వాట్సాప్ గ్రూపులోనే నడుస్తాయి. ఒక ఉదయం ఆయన ఫోనుకు ఆరంకెలు వచ్చాయి. వెంటనే తాడేపల్లిగూడెంలోని అన్న కొడుకు పేరుతో వాట్సాప్‌లో రాశారు: "బాబాయ్, కొత్త ఫోను తీసుకున్నాను. పొరపాటున నా కోడు నీ నంబరుకు వచ్చింది, చూసి పంపవా?"

అసలు ఆ రాసింది అబ్బాయి కాదు. అతని ఖాతా అప్పటికే దొంగ చేతిలో ఉంది. దొంగ తన ఫోనులో వాట్సాప్ తెరిచి రైతు నంబరు కొట్టాడు. ఆ నంబరు తనదేనని రుజువు చేయడానికి కోడు కావాలి. అది రైతు ఫోనుకే వస్తుంది కనుక ఆయన నోటి నుంచే రాబట్టాలి. రైతు పంపిన మరుక్షణం ఆయన ఫోనులో వాట్సాప్ మూతపడుతుంది. పాత సంభాషణలు దొంగకు దొరకవు గాని, గ్రూపులూ అందులోని వారి నంబర్లూ దొరుకుతాయి. ఇక గ్రూపులోని వారికి రైతు పేరుతో "మేత లోడు దిగింది, పాతిక వేలు పంపండి, సాయంత్రం ఇస్తాను" అని కబురు వెళుతుంది.

ఏం చేయాలి?

అడగని అంకెలు వస్తే ఎవరికీ చెప్పకూడదు, ముందుకు పంపకూడదు, స్క్రీన్ ఫొటో తీసి ఇవ్వకూడదు. అడిగినవారు నిజంగా మనవాళ్లేనా అన్న అనుమానం తీరాలంటే వాట్సాప్‌లో కాక మామూలు ఫోను చేసి గొంతు వినాలి. ఆ అబ్బాయికి ఫోను చేసి ఉంటే "నేను రాయలేదు బాబాయ్" అన్న మాటతో మోసం బయటపడేది.

ముందు జాగ్రత్తగా వాట్సాప్‌లో Settings, Account, Two-step verification లోకి వెళ్లి సొంత రహస్య పిన్ పెట్టుకోవాలి. అప్పుడు ఆరంకెలు దొరికినా ఆ పిన్ లేనిదే దొంగ లోపలికి రాలేడు. ఈ పిన్ కూడా ఎవరికీ చెప్పరాదు.

కొందరు ఫోను చేసి, చుక్క గుర్తు, అంకెలు చెప్పి వాటిని కొట్టమంటారు. ఉదాహరణకు *401* తర్వాత ఒక ఫోను నంబరు. అది మీ కాల్స్‌ను ఆ నంబరుకు మళ్లించే ఆదేశం. కోడు కొన్నిసార్లు కాల్ రూపంలో చదివి వినిపిస్తారు, కాబట్టి అది దొంగ చెవిన పడుతుంది. 2024 ఏప్రిల్‌లో టెలికాం శాఖ ఇలాంటి మళ్లింపును నిలిపివేయించింది. అయినా ఎవరు చెప్పినా కొట్టవద్దు. ఇప్పటికే కొట్టి ఉంటే ##002# కొడితే మళ్లింపులు రద్దవుతాయి.

చెప్పేసిన తర్వాత

సిగ్గుపడి దాచుకుంటే నష్టం పెరుగుతుంది. వెంటనే వాట్సాప్ తెరిచి మీ నంబరు కొట్టి, మీకు వచ్చే కొత్త ఆరంకెలు వేయండి. దాంతో దొంగ బయటకు పోతాడు. వాడు పిన్ పెట్టి ఉంటే మీరు లోపలికి రావడానికి ఏడు రోజులు ఆగాలి, కాని వాడి పట్టు మాత్రం ఆ క్షణమే తెగిపోతుంది. ఈలోగా గ్రూపువారికి ఫోను చేసి, నా పేరుతో డబ్బు అడిగితే పంపవద్దని చెప్పాలి.

బ్యాంకు కోడు చెప్పి ఉంటే, లేదా ఎవరైనా డబ్బు పంపి ఉంటే, ముందు బ్యాంకుకు తెలిపి వెంటనే 1930కి ఫోను చేయాలి. cybercrime.gov.in లోనూ ఫిర్యాదు రాయవచ్చు. డబ్బు దొంగ ఖాతా దాటి వెళ్లకముందే ఆపగలిగితేనే తిరిగి వచ్చే అవకాశం ఉంటుంది. కనుక ఫోను చేయడానికి తెల్లవారేదాకా ఆగరాదు.