ఎర్ర గచ్చు పోయినా గులాబీ గీత పోలేదు

మా చెల్లెలు పాత ఇల్లు బాగుచేయిస్తోంది. హాల్లో ఎర్ర గచ్చు తీసేసి నీలం తాండూరు బండలు వేయిస్తే ఎలా ఉంటుందో ముందే చూడాలని ఫోటో పంపింది. అందులో తెల్లగోడ, గోడవారగా ఒక పేము కుర్చీ, కింద నున్నటి ఎర్ర గచ్చు.

ఫోటోలో కొంతభాగాన్ని మాత్రమే ఏఐ చేత మళ్లీ గీయించే పద్ధతిని ఇన్‌పెయింటింగ్ అంటారు. మారాల్సిన చోట తెలుపు, మారకూడని చోట నలుపు పూసి ఒక మాస్క్ ఇస్తాం. తెల్లగా ఉన్నంత మేర మోడల్ కొత్త బొమ్మ వేస్తుంది. నేను గోడ, నేల కలిసే గీత వెంబడి తూచినట్టు మాస్క్ గీశాను. బండలు బాగానే వచ్చాయి కానీ, క్యాలెండర్ కాగితం కత్తిరించి అంటించినట్టున్నాయి.

ఇలాంటప్పుడు అందరూ చెప్పే మందు ఫెదరింగ్. మాస్క్ అంచును కాస్త మసకబరిస్తే తెలుపు, నలుపుల మధ్య బూడిదరంగు మెట్లు వస్తాయి. బూడిదరంగు సగానికి సగం ఉన్నచోట కొత్త బొమ్మ సగం, పాత ఫోటో సగం కలుస్తాయి. నేను వాడిన ప్రోగ్రాంలో దీని పేరు `Mask blur`. విలువ 4 పెడితే మసక అంచుకు అటూ ఇటూ పదేసి పిక్సెళ్లు పాకుతుంది. పెట్టాను. కత్తిరింపు పోయింది, దాని బదులు గోడ మొదట్లో సన్నటి గులాబీ గీత తేలింది.

కాసేపు తెరను పెద్దది చేసి చూస్తే గానీ సంగతి అర్థం కాలేదు. మసక అంచుకు రెండువైపులా సమానంగా పరుచుకుంటుంది. గోడవైపు పాతదీ తెలుపే, కొత్తదీ తెలుపే కాబట్టి కలిసినా తెలియదు. నేలవైపు మాత్రం పాత ఎరుపు, కొత్త నీలిబూడిద కలుస్తున్నాయి. తీసేశాననుకున్న గచ్చు ఆ పది పిక్సెళ్లలో ఇంకా ఉంది. మసక పెంచితే గీత మాయమవదు, ఇంకా వెడల్పవుతుంది. నేను 12 దాకా పెంచి ఈ తప్పు కూడా చేశాను.

విరుగుడు ఏమిటంటే, మసకబరచే ముందే మాస్క్‌ను గోడమీదికి ఓ పన్నెండు పిక్సెళ్లు పెంచడం. అప్పుడు కలయిక మొత్తం గోడమీద, అంటే పాతా కొత్తా ఒకేలా ఉన్నచోట జరుగుతుంది. గచ్చు ఉన్న ప్రతి పిక్సెలూ పూర్తి తెలుపు కిందికి వస్తుంది. దీంట్లో ఒక చిక్కుంది. పెంచిన ఆ పట్టీలో గోడను కూడా మోడలే మళ్లీ గీస్తుంది. అక్కడ స్విచ్‌బోర్డో, పగులో ఉంటే కొత్తది రెండు పిక్సెళ్లు పక్కకు జరిగి, పాతదానితో కలిసి జంటగీతలు పడతాయి. మా ఫోటోలో ఖాళీ గోడే కాబట్టి బతికిపోయాను.

కుర్చీకాళ్ల దగ్గర ఈ ఉపాయం పనిచేయదు. ఒక్కో కాలు ఫోటోలో ఆరు పిక్సెళ్లే. పన్నెండు పెంచితే మాస్క్ కాలిని మొత్తంగా మింగేస్తుంది. పైగా స్టేబుల్ డిఫ్యూజన్ లాంటి మోడళ్లు బొమ్మను నిడివిలో ఎనిమిదో వంతుకు కుదించుకుని పనిచేస్తాయి. ఎనిమిదేసి పిక్సెళ్ల గడి వాటికి ఒక చుక్క. ఆరు పిక్సెళ్ల కాలిని వదిలేయమని చెప్పినా వినిపించుకునేంత చూపు వాటికి ఉండదు. అందుకని కాళ్లతో సహా నేలంతా గీయించి, తర్వాత పాత ఫోటోలోని కాళ్లను పైన అతికించాను. ఇక్కడ మసక ఒక్క పిక్సెలే. మాస్క్‌ను పెంచడానికి బదులు ఒక పిక్సెల్ లోపలికి తగ్గించాలి. కాలి అంచు చుక్కల్లో గచ్చు ఎరుపు అప్పటికే కలిసి ఉంటుంది, దాన్ని వెంట తీసుకురాకూడదు. కాళ్ల కింది నీడను మాత్రం పాత ఫోటోనుంచి తెచ్చుకోకండి, అది ఎర్రగచ్చు మీద పడిన నీడ.

ఇంత చేశాక కూడా గోడ అడుగుభాగం ఎందుకో జేవురించినట్టే ఉంది. ఈసారి తప్పు అంచుది కాదు. ఎండ గచ్చుమీద పడి ఆ ఎరుపు గోడమీదికి ఎగబాకింది. నేల మారింది కానీ దాని వెలుగు గోడమీదే ఉండిపోయింది. దీనికి మోడల్ అక్కర్లేదు. ఫోటోలు దిద్దే మామూలు ప్రోగ్రాంలో గోడ అడుగున ఎనభై పిక్సెళ్ల పట్టీ ఎంచుకుని, పై అంచును నలభై పిక్సెళ్ల మేర మసకబరచి, ఎరుపు తగ్గించాను. గోడమీద వెలుగు మెల్లగా పలచబడుతుంది కాబట్టి ఇక్కడ మసక కూడా అంత వెడల్పుండాలి. ఇదే నలభై కుర్చీకాలి దగ్గర పెట్టి ఉంటే కాలు పొగై పోయేది.

చెల్లెలికి పంపాను. అంచుల గురించి ఒక్క మాట అనలేదు. “పసుపు బండలతో కూడా ఒకటి చూపించన్నయ్యా” అంది. మాస్కులు పాతవే పనికొస్తాయి. గోడ అడుగున మాత్రం ఈసారి కాస్త పసుపు పులమాలి.