డి.సి. అంటే ఏ కుట్టు?

క్రోషే నమూనాలో ‘డి.సి.’ అని కనిపించగానే సూది ఆడించకండి. అమెరికా పద్ధతిలో అది దారాన్ని ముందే ఒకసారి సూదికి చుట్టుకుని అల్లే పొడుగు కుట్టు. బ్రిటన్ పద్ధతిలో అలా చుట్టకుండానే అల్లే పొట్టి కుట్టు. రెండుచోట్లా పూర్తి పేరు డబుల్ క్రోషేనే.

ఆ పొట్టి కుట్టును అమెరికావారు సింగిల్ క్రోషే అంటారు. వారి డబుల్ బ్రిటన్‌లో ట్రెబుల్, వారి ట్రెబుల్ బ్రిటన్‌లో డబుల్ ట్రెబుల్. గొలుసు కుట్టుకు మాత్రం ఈ తేడా లేదు. గుర్తుండాలంటే సూదినే చూడండి. పొట్టి కుట్టులో దారం పైకి లాగాక సూది మీద రెండు లూపులుంటాయి, ఒక్క లాగుతో కుట్టు ముగుస్తుంది. లూపులు లెక్కపెడితే డబుల్, లాగులు లెక్కపెడితే సింగిల్. పొడుగు కుట్టులో లూపులు మూడు, లాగులు రెండు.

పొరపాటు ఎక్కువగా బయటపడేది గుండ్రటి అల్లికలో. గ్లాసు కింద పెట్టే చిన్న చక్రాన్నే తీసుకుందాం. పొట్టి కుట్టు ఎత్తూ వెడల్పూ దాదాపు సమానం కాబట్టి 6 కుట్లతో మొదలుపెట్టి, వరసకు 6 చొప్పున పెంచితే చక్రం బల్లపరుపుగా వస్తుంది. పొడుగు కుట్టు ఎత్తు దానికి సుమారు రెట్టింపు. అంచు ఒక్కో వరసకూ అంతే ఎక్కువగా సాగుతుంది, అందుకే 12తో మొదలుపెట్టి 12 చొప్పున పెంచాలి. అమెరికా నమూనాలోని 12 డి.సి.లను పొట్టి కుట్లుగా అల్లితే మూడో వరసకే అంచు కుచ్చిళ్లు పడుతుంది. బ్రిటన్ నమూనాలోని 6 డి.సి.లను పొడుగు కుట్లుగా అల్లితే అంచు పైకి లేచి గిన్నెలా ముడుచుకుంటుంది. దూది కూరే బొమ్మల్లో ఇంకా ఇబ్బంది, సందుల్లోంచి దూది కనబడుతుంది.

కాబట్టి అల్లే ముందు నమూనా అంతా ఒకసారి చదవాలి. ‘ఎస్.సి.’ ఉంటే దాదాపు ఖాయంగా అమెరికాదే, ఎందుకంటే ఇప్పటి బ్రిటన్ పద్ధతిలో సింగిల్ క్రోషే లేదు. కానీ పాత బ్రిటన్ పుస్తకాల్లో స్లిప్ స్టిచ్‌నే సింగిల్ క్రోషే అన్న సందర్భాలున్నాయి, అక్కడ ఈ గుర్తును నమ్మకూడదు. సగం పొడుగు కుట్టును ‘హెచ్.డి.సి.’ అంటే అమెరికా, ‘హెచ్.టి.ఆర్.’ అంటే బ్రిటన్. కుట్టు వదిలేయడానికి ‘స్కిప్’ అంటే అమెరికా వైపు మొగ్గు, ‘మిస్’ అంటే బ్రిటన్ వైపు.

ఇవేవీ లేక డి.సి. ఒక్కటే ఉంటే, వరస మొదట్లో వేయమన్న గొలుసులు చూడండి. ఆ గొలుసుల ఎత్తు తర్వాత వచ్చే కుట్టు ఎత్తుకు సరిపోవాలి. డి.సి.కి ముందు ఒక గొలుసు వేయమంటే సాధారణంగా బ్రిటన్ పొట్టి కుట్టు, మూడు వేయమంటే అమెరికా పొడుగు కుట్టు. పక్కన గుర్తుల పటం ఉంటే ఇంత వెతుకులాట అక్కర్లేదు. గుణకారపు గుర్తో కూడిక గుర్తో పొట్టి కుట్టు, కాడ మీద ఒక అడ్డగీత ఉన్న ‘టి’ ఆకారం పొడుగు కుట్టు.