గుండెను ఛాతీతో భాగించిన లెక్క

ఛాతీ ఎక్స్‌రేలో కనిపించే గుండె నీడ వెడల్పును ఛాతీ లోపలి వెడల్పుతో భాగించగా వచ్చే సంఖ్యను కార్డియోథొరాసిక్ నిష్పత్తి అంటారు. ఆసుపత్రి పరిభాషలో దీన్నే క్లుప్తంగా సీటీఆర్ అని పిలుస్తారు. 1919లో సి. సాల్ డాంజర్ అనే అమెరికన్ వైద్యుడు ప్రతిపాదించిన ఈ లెక్కకు ఒక స్కేలు, ఒక పెన్సిలు తప్ప వేరే పరికరం అక్కరలేదు. అందువల్లనే అంతకంటే ఎన్నో రెట్లు సమర్థమైన పరీక్షలు వచ్చిన తరువాత కూడా అది వాడుకలో నిలిచింది. నల్లమల అంచున ఉన్న అర్ధవీడు నుంచి ఆయాసంతో కంభానికో మార్కాపురానికో వెళ్లిన మనిషి ఛాతీ ఫిల్మును వెలుగుపెట్టె మీద పెట్టిన వైద్యుడు, పూర్తి నివేదిక వచ్చేలోగా, కంటితోనే వేసుకునే మొదటి అంచనా ఇదే. అయితే ఈ లెక్క ఏమి చెబుతుందో, ఏమి చెప్పలేదో తెలియాలంటే అది ఏ చిక్కును విడదీయడానికి పుట్టిందో ముందు తెలుసుకోవాలి.

1895 నవంబరు 8న రాంట్‌జెన్ ఎక్స్ కిరణాలను కనుగొన్న కొద్ది కాలానికే బతికున్న మనిషి గుండెను నీడ రూపంలో చూడటం సాధ్యమైంది. కానీ ఆ నీడ అసలు గుండె పరిమాణంలో ఉండేది కాదు. దీపానికి దగ్గరగా పెట్టిన చేతి నీడ గోడ మీద పెద్దదై పడినట్లుగా, ఒకే బిందువు నుంచి విచ్చుకుంటూ వచ్చే కిరణాలు గుండె నీడను పెంచి చూపిస్తాయి. గుండె ఫిల్ముకు ఎంత దూరంగా ఉంటే, కిరణనాళం ఎంత దగ్గరగా ఉంటే ఆ పెరుగుదల అంత ఎక్కువ. దీనికి విరుగుడుగా 1900 ప్రాంతంలో జర్మనీలో ఫ్రీడ్రిష్ మోరిట్జ్ ఆర్థోడయాగ్రఫీ అనే పద్ధతిని రూపొందించాడు. కిరణపుంజంలో తెరకు లంబంగా వచ్చే నడిమి కిరణాన్ని మాత్రమే వాడుతూ, నాళాన్ని గుండె అంచు వెంబడి జరుపుతూ, తెర మీద ఆ అంచును చుక్క చుక్కగా గుర్తిస్తే గుండె నిజ పరిమాణపు రేఖాచిత్రం దొరికేది. అది కచ్చితమైన పద్ధతే గాని చాలా సమయం తీసుకునేది, గీసేవారి చేతి నైపుణ్యం మీద ఆధారపడేది. గీసినంత సేపూ రోగి, వైద్యుడు ఇద్దరూ కిరణాలకు గురికావలసి వచ్చేది.

రెండో దారి మరింత సులువైనది. కిరణనాళాన్ని బాగా వెనక్కు జరిపితే కిరణాలు దాదాపు సమాంతరంగా వచ్చి నీడ పెద్దగా సాగదు. ఆల్బన్ కోలర్ వంటి జర్మన్ వైద్యులు 20వ శతాబ్దపు తొలి దశకంలో మొదలుపెట్టిన ఈ దూరపు చిత్రణమే నేటికీ ఛాతీ ఎక్స్‌రేకు ప్రామాణికంగా నిలిచి ఉంది. రోగి నిలబడి ఛాతీని ఫిల్ముకు ఆనించగా, నాళం ఆరు అడుగుల దూరంలో వీపు వైపు ఉంటుంది. కిరణాలు వీపు నుంచి ఛాతీ వైపు వస్తాయి గనుక దీన్ని పీఏ చిత్రం అంటారు. గుండె ఛాతీలో ముందు భాగానికి దగ్గరగా ఉండటం వల్ల ఈ భంగిమలో అది ఫిల్ముకు చేరువవుతుంది.

ఇంత చేసినా మరో ప్రశ్న మిగిలిపోయింది. పదమూడు సెంటీమీటర్ల గుండె పెద్దదా, చిన్నదా? బక్కపలచని స్త్రీకి అది పెద్దది కావచ్చు, భారీ శరీరం గల పురుషుడికి మామూలుదే కావచ్చు. డాంజర్ చేసిందల్లా ఆ మనిషి గుండెను ఆ మనిషి ఛాతీతోనే పోల్చడం. పెద్దవారిలో సరిగా తీసిన పీఏ చిత్రంలో నిష్పత్తి 0.50 దాటితే గుండె పెరిగినట్లు అనుమానించాలన్న నియమం అలా స్థిరపడింది. కొలిచే విధానం ఇది: వెన్నుపూసల ముళ్ల మీదుగా నిలువు గీత గీసి, గుండె కుడి అంచులో ఆ గీతకు అత్యంత దూరంగా ఉన్న బిందువు వరకు ఒక కొలత, ఎడమ అంచులో అలాంటి బిందువు వరకు మరొక కొలత తీసుకొని రెండింటినీ కూడాలి. ఆ రెండు బిందువులు ఒకే ఎత్తులో ఉండనవసరం లేదు. ఆ మొత్తాన్ని, ఛాతీ ఎక్కడ అత్యంత వెడల్పుగా ఉందో అక్కడ పక్కటెముకల లోపలి అంచుల మధ్య దూరంతో భాగించాలి.

మంచం మీద పడుకోబెట్టి ముందు వైపు నుంచి తీసే ఏపీ చిత్రంలో గుండె పెద్దదిగా కనిపిస్తుందని వైద్య విద్యార్థులందరూ నేర్చుకుంటారు. కాని దాని కారణాన్ని సగమే నేర్చుకుంటారు. ఛాతీ మందం 22 సెంటీమీటర్లనీ, గుండె నడిమి తలం ముందు నుంచి 8 సెంటీమీటర్ల లోతులో ఉందనీ, గుండె నిజ వెడల్పు 13, ఛాతీ వెడల్పు 28 సెంటీమీటర్లనీ అనుకుందాం. నాళం 180 సెంటీమీటర్ల దూరంలో ఉన్న పీఏ చిత్రంలో గుండె నీడ సుమారు 13.6 సెంటీమీటర్లవుతుంది. ఒక మీటరు దూరం నుంచి తీసిన ఏపీ చిత్రంలో అదే 15.1 అవుతుంది. అయితే ఛాతీ నీడ కూడా 29.8 నుంచి 31.5కు పెరుగుతుంది కాబట్టి నిష్పత్తి 0.46 నుంచి 0.48కి మాత్రమే చేరుతుంది. అంటే నీడ సాగడాన్ని చాలావరకు భాగహారమే సరిచేస్తోంది. పడుకున్న రోగి నిష్పత్తిని అసలు పెంచేది వేరొకటి. పడుకున్నప్పుడు ఉదరవితానం, అంటే ఛాతీకీ పొట్టకూ మధ్యనున్న కండర పొర, పైకి నెట్టుకువస్తుంది. రోగి నిండా గాలి పీల్చలేడు. గుండె అడ్డంగా ఒరిగి వెడల్పవుతుంది. నిలబడి తీయించుకున్నవారు గాలి నిండా పీల్చకపోయినా ఇదే జరుగుతుంది. అందుకే టెక్నీషియన్ చెప్పే 'గాలి పీల్చి బిగబట్టండి' అన్న మాటకు స్కేలు కంటే ఎక్కువ విలువ ఉంది. ఉదరవితానపు కుడి గుమ్మటం పైన వెనుక పక్కటెముకలు తొమ్మిదో పదో లెక్కకు రాని ఫిల్ము మీద నిష్పత్తి కొలవడం వృథా శ్రమ.

నిష్పత్తి గుండె పరిమాణాన్ని చెబుతుందే గాని, ఆ గుండె వెనుక పేరుకుంటున్న పీడనాన్ని చెప్పదు. గుండె వైఫల్యంలో రోగిని బాధించే ఆయాసం ఆ పీడనం వల్లనే పుడుతుంది. ఎడమ గుండె తనకు చేరిన రక్తాన్ని ముందుకు పంపలేకపోతే ఎడమ కర్ణికలోనూ, దాని వెనుక ఊపిరితిత్తుల సిరల్లోనూ పీడనం పెరుగుతుంది. నిలబడిన ఆరోగ్యవంతుడిలో గురుత్వాకర్షణ వల్ల ఊపిరితిత్తుల కింది భాగపు రక్తనాళాలు లావుగా, పై భాగంవి సన్నగా ఉంటాయి. సిరల పీడనం మామూలుగా పాదరస మట్టంలో 12 మిల్లీమీటర్ల లోపు ఉంటుంది. అది పెరిగినప్పుడు, ముందే అధిక పీడనంలో ఉన్న కింది భాగంలోనే నాళాల చుట్టూ మొదట నీరు ఊరుతుంది. ఆ నాళాలు ముడుచుకుపోవడంతో రక్తం పైకి దారి వెదుక్కుంటుంది. ముడుచుకోవడానికి నీటి ఒత్తిడి కారణమా, ఆక్సిజన్ తగ్గడం కారణమా అన్న చర్చ ఉన్నా, ఫలితం ఫిల్ము మీద కనిపిస్తుంది: పై నాళాలు కింది వాటితో సమానమై, తరువాత వాటిని మించిపోతాయి. దీన్నే అప్పర్ లోబ్ డైవర్షన్, అంటే రక్తం పై భాగానికి మళ్లడం, అంటారు. మైట్రల్ కవాటం సన్నబడిన రోగులలో వైద్యులు దీన్ని గమనిస్తూ రాగా, 1960ల తొలినాళ్లలో మోరిస్ సైమన్ మామూలు ఛాతీ ఫిల్ముల నుంచే ఊపిరితిత్తుల రక్తప్రసరణను అంచనా వేసే పద్ధతిగా విశదీకరించాడు. అంతకు ముందే, 1933లో, పీటర్ కెర్లీ ఊపిరితిత్తుల అడుగున పక్క అంచులకు లంబంగా, ఒకటి రెండు సెంటీమీటర్ల పొడవున కనిపించే సన్నని అడ్డగీతలను వర్ణించాడు. నేడు కెర్లీ బి గీతలని పిలిచే వీటిలో ఊపిరితిత్తి చిన్న గదుల మధ్య గోడలు నీటితో ఉబ్బి కనిపిస్తాయి. స్థూలంగా పీడనం 13 నుంచి 18 వరకు ఉన్నప్పుడు మళ్లింపు, 18 నుంచి 25 మధ్య కెర్లీ గీతలు, 25 దాటితే గాలి గదుల్లోకే నీరు చేరి రెండు వైపులా మబ్బు కమ్మినట్లు కనిపించడం అన్న వరుస ఉంటుంది.

ఉదాహరణగా, బాల్యంలో రుమాటిక్ జ్వరం వచ్చి మైట్రల్ కవాటం సన్నబడిన నలభై ఏళ్ల స్త్రీ ఫిల్మును ఊహించవచ్చు. గుండె కుడి కొలత 4.6, ఎడమ కొలత 8.4, మొత్తం 13 సెంటీమీటర్లు, ఛాతీ 26.4 సెంటీమీటర్లు, నిష్పత్తి 0.49. డాంజర్ నియమం ప్రకారం ఈ గుండె మామూలుదే. ఎందుకంటే అడ్డంకి ఎడమ జఠరికకు ముందే ఉంది గనుక ఆ జఠరిక పెరగలేదు. కాని గుండె కుడి అంచులో రెండు నీడలు ఒకదానిపై ఒకటి కనిపిస్తాయి, అందులో ఒకటి ఉబ్బిన ఎడమ కర్ణికది. ముందు వైపు మొదటి పక్కటెముకల సందులో నాళం వెడల్పు 4 మిల్లీమీటర్లుంది. నిలబడి తీసిన ఫిల్ములో అది 3 దాటకూడదు. అడుగున కెర్లీ గీతలు కూడా ఉంటే, పీడనం 18 దాటిందని ఎకో పరీక్షకు ముందే చెప్పవచ్చు. సంఖ్య ఒక్కదాన్నే చూసి ఈమెను ఇంటికి పంపితే పెద్ద పొరపాటు జరిగినట్లే.

మార్కాపురం ప్రాంతంలో దీనికి మరొక మెలిక చేరుతుంది. పలకల రాయిని తవ్వి, కోసి, నునుపు చేసే పనిలో లేచే దుమ్ములోని సిలికాను ఏళ్ల తరబడి పీల్చినవారికి సిలికోసిస్ వచ్చే ప్రమాదం ఉంది. ఆ జబ్బు మచ్చలు ముఖ్యంగా ఊపిరితిత్తుల పై భాగంలో ఏర్పడి, అక్కడి కణజాలాన్ని ముడతపరచి, నాళాలను పైకి లాగుతాయి. పాత క్షయ మచ్చలు చేసేదీ ఇదే. కింది భాగం గాలితో ఉబ్బి నాళాలు పలచబడితే, గుండె పీడనం మామూలుగా ఉన్నా రక్తం పైకి మళ్లినట్లు భ్రమ కలుగుతుంది. ఇదే మనిషిలో నిష్పత్తి కూడా మోసం చేస్తుంది: ఉబ్బిన ఊపిరితిత్తులు ఉదరవితానాన్ని కిందికి నెట్టడంతో గుండె నిలువుగా సాగి సన్నబడుతుంది, ఛాతీ వెడల్పవుతుంది, అందువల్ల వైఫల్యంలో ఉన్న గుండె కూడా 0.45 చూపించగలదు. బీడీ అలవాటున్న వారిలో ఇది మరింత సాధారణం. పడుకోబెట్టి తీసిన ఫిల్ములోనైతే గురుత్వ భేదం లేక పై, కింది నాళాలు సహజంగానే సమానమవుతాయి కాబట్టి మళ్లింపు గురించి అసలు మాట్లాడకూడదు.

1953లో స్వీడన్‌లో ఎడ్లర్, హెర్జ్ అతిధ్వని తరంగాలతో గుండె గోడల కదలికను నమోదు చేసిన నాటి నుంచి ఎకో పరీక్ష క్రమంగా గుండె పరిమాణపు కొలతకు ఆధారమైంది. గుండె వైఫల్యం తీవ్రమై అత్యవసర విభాగానికి వచ్చిన వారిలో దాదాపు ఐదింట ఒకరి ఫిల్ములో నీటి నిల్వ జాడ కనిపించదని అమెరికా ఆసుపత్రుల రికార్డులు చూపించాయి. అందువల్ల మామూలు ఫిల్ము గుండె వైఫల్యం లేదని చెప్పడానికి చాలదు. ఫిల్ము బలం మరొక చోట ఉంది: ఒకే మనిషికి ఒకే భంగిమలో తీసిన పాత, కొత్త ఫిల్ములను పక్కపక్కన పెట్టినప్పుడు. గుండె ముడుచుకున్న క్షణంలో తీశారా, విచ్చుకున్న క్షణంలో తీశారా అన్న దాన్ని బట్టి వెడల్పు సుమారు ఒక సెంటీమీటరు దాకా మారవచ్చు. అంతకు మించిన పెరుగుదల పట్టించుకోవలసినదే. కాబట్టి ఆయాసంతో పెద్దాసుపత్రికి వెళ్లేవారు పాత ఫిల్ములను పారవేయక వెంట తీసుకెళ్లాలి. పలకల పనిలో గాని రాతి క్వారీలో గాని పనిచేసి ఉంటే ఎన్నేళ్లు చేశారో వైద్యుడు అడగకపోయినా చెప్పాలి.