చూసినవాళ్లకే మళ్లీ ఎన్నిసార్లు?

ఆన్‌లైన్‌లో మంగళగిరి చీరలు అమ్మే చిన్న దుకాణం ఒకటి ఉందనుకుందాం. మగ్గం మీద చీర నేస్తున్న నిమిషం వీడియోను ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లలో యాడ్‌గా ఇచ్చారు. మూడు సెకన్లు చూసి జరుపుకుపోయినవాళ్లూ ఉంటారు, సగందాకా ఆగి చూసినవాళ్లూ ఉంటారు. వీళ్లను మెటా యాడ్స్ మేనేజర్‌లో వేరువేరు జాబితాలుగా పెట్టుకోవచ్చు. వెబ్‌సైట్‌లో పిక్సెల్ అనే చిన్న కోడ్ పెడితే, అక్కడ చీరలు చూసి కొనకుండా వెళ్లినవాళ్ల జాబితా కూడా తయారవుతుంది. ఈ జాబితాలకే మళ్లీ యాడ్ చూపించడం రీటార్గెటింగ్.

వీడియో మూడు సెకన్లు చూసినవాళ్ల మీద డబ్బు పెట్టొద్దని నా సలహా. వాళ్లలో చాలామంది వేలు జరిపేలోపు వీడియో దానంతటదే ఆడింది. సగందాకా చూసినవాళ్లకే చీర మీద ఆసక్తి ఉంది.

చిక్కు ఇక్కడే మొదలవుతుంది. వెబ్‌సైట్‌కి వచ్చి కొననివాళ్లు వెయ్యిమందే ఉన్నారు. రోజుకి 300 రూపాయలు పెట్టారు. వెయ్యిసార్లు చూపడానికి 150 రూపాయలు పడుతోందంటే రోజుకి 2,000 సార్లు, వారానికి 14,000 సార్లు యాడ్ కనిపిస్తుంది. అంటే ఒక్కొక్కరికి సగటున 14 సార్లు! అదీ సగటే. ఫోన్ ఎక్కువగా చూసేవాళ్లకి ఇంకా ఎక్కువసార్లు ఎదురవుతుంది. చీర నచ్చినవాళ్లే విసిగి ‘హైడ్ యాడ్’ నొక్కుతారు.

ఈ విసుగును ముందే పసిగట్టొచ్చు. ఫ్రీక్వెన్సీ అనే అంకె చూడాలి. మొత్తం కాలానికి కాదు, గత ఏడు రోజులకి చూడాలి. అది పెరుగుతూ, క్లిక్ చేసేవాళ్ల శాతం తగ్గుతూ, ఒక్కో ఆర్డర్‌కి అయ్యే ఖర్చు ఎక్కుతుంటే యాడ్ పాతబడిందన్నమాట. చాలామంది వెంటనే కొత్త ఫొటో పెడతారు. వెయ్యిమందికి 14 సార్లు చూపిస్తూ ఫొటో మార్చితే ఎన్నాళ్లు నిలుస్తుంది? ముందు బడ్జెట్‌ని జనానికి తగ్గట్టు కుదించాలి. వారానికి ఒక్కొక్కరికి దాదాపు మూడుసార్లు కనిపిస్తే చాలు. లేదా ఏడు రోజుల జాబితాను 30 రోజులకు పెంచి జనాన్ని పెంచాలి. ఆ తర్వాతే కొత్త యాడ్. అందులోనూ అదే చీర అందాన్ని మళ్లీ చెప్పకుండా, కొనేవాళ్ల మనసులో మిగిలిన అనుమానం తీర్చాలి: రంగు పోతుందా, జాకెట్ ముక్క ఉందా, నచ్చకపోతే వెనక్కి తీసుకుంటారా?

కొన్నవాళ్లను జాబితా నుంచి తీసేయడం మరవకూడదు. నిన్ననే డబ్బు కట్టినామెకి అదే చీర ఇవాళ తగ్గింపు ధరకి కనిపిస్తే మోసపోయానని బాధపడుతుంది. వెబ్‌సైట్‌లో కొన్నవాళ్లను పిక్సెల్ చాలావరకు పట్టుకుంటుంది కానీ, వాట్సాప్‌లోనో ఫోన్‌లోనో ఆర్డర్ ఇచ్చినవాళ్లు దానికి తెలియరు. వాళ్లు ఒప్పుకుంటే, వాళ్ల నంబర్లను వారానికోసారి కస్టమర్ లిస్టుగా ఎక్కించి మినహాయించాలి.