ముసలి కణాలే ముందు పగులుతాయి

ఇటలీకి చెందిన సార్డీనియా దీవిలో వసంతం వస్తే ఫావా కాయలు చేతికొస్తాయి. లేత గింజల్ని పచ్చిగానే తింటారు. అక్కడి ఐదేళ్ల పిల్లాడొకడు గుప్పెడు తిన్నాడనుకుందాం. ఆ పూట ఏమీ కాదు. మర్నాడో ఆ మర్నాడో జ్వరం తగులుతుంది, మొహం పాలిపోతుంది, కళ్లు పచ్చబడతాయి, మూత్రం టీ డికాషన్ రంగులో వస్తుంది. అవే గింజలు తిన్న అక్క మాత్రం హాయిగా ఆడుకుంటూ ఉంటుంది.

గింజలోని వైసీన్, కాన్‌వైసీన్ అనే పదార్థాలు పేగుల్లో విడిపోయి, రక్తంలో హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను పుట్టిస్తాయి. దాన్ని విరిచేసే పని ఎర్ర కణంలోని గ్లూటాథయోన్‌ది. ఒకసారి వాడిన గ్లూటాథయోన్ మళ్లీ పనికి రావాలంటే ఎన్ఏడీపీహెచ్ కావాలి. అది తయారు కావాలంటే జీ6పీడీ అనే ఎంజైమ్ ఉండాలి. మిగతా కణాలకు వేరే దారులున్నాయి, ఎర్ర కణానికి ఇదొక్కటే. ఈ ఎంజైమ్ తక్కువైతే హిమోగ్లోబిన్ చెడి ముద్దలు కడుతుంది. కొన్ని కణాలు రక్తనాళాల్లోనే పగులుతాయి. కొన్నిటిలోంచి ప్లీహం ఆ ముద్దల్ని పీకేస్తుంది. అలాంటి కణం మైక్రోస్కోప్ కింద కొరికిన బిస్కెట్టులా కనిపిస్తుంది.

ఈ లోపం ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది. మగపిల్లలకు ఆ క్రోమోజోమ్ ఒక్కటే, అదీ తల్లి నుంచి వచ్చేదే. అందుకే బాధితుల్లో ఎక్కువమంది వాళ్లే.

గింజలు చేసిన పనే కొన్ని మందులూ చేస్తాయి. 1950లలో అమెరికాలో ఇల్లినాయ్ జైలు ఖైదీలకు మలేరియా మందు ప్రైమాక్విన్‌ను రోజుకు 30 మిల్లీగ్రాముల చొప్పున ఇచ్చి చూశారు. కొందరు నల్లజాతి ఖైదీలకు రక్తం పడిపోయింది. మందు ఆపలేదు, అయినా కొన్నాళ్లకు రక్తం తిరిగి పెరిగింది. ఎర్ర కణం ఆయుష్షు సుమారు 120 రోజులు. వయసు మీరేకొద్దీ దానిలో ఎంజైమ్ అరిగిపోతుంది, కొత్తది తయారు కాదు. పగిలినవి ముసలి కణాలు, మిగిలినవి పడుచువి. కారణం జీ6పీడీ లోపమేనని 1956లో తేలింది. సార్డీనియాలో కనిపించే రకంలో పడుచు కణాల్లోనూ ఎంజైమ్ అంతంతమాత్రమే. అక్కడ నష్టం తనంతట తాను ఆగుతుందని నమ్మకం లేదు.

పరీక్షను తప్పుదారి పట్టించేదీ ఈ వయసు తేడాయే. రక్తం పడిపోయిన వారంలో పరీక్షిస్తే మిగిలినవి పడుచు కణాలే కాబట్టి ఫలితం మామూలుగా రావచ్చు. అనుమానం ఉంటే మూడు నెలలాగి మళ్లీ చూడాలి.

మనవైపు వైవాక్స్ మలేరియాకు 14 రోజులు ఇచ్చేదీ ప్రైమాక్వినే. డాప్సోన్, బీరువాలో పెట్టే నాఫ్తలీన్ గోళీలు కూడా ఈ జాబితాలోనివే. మన చిక్కుడు మాత్రం ఫావా కాదు, మొక్కే వేరు. మాత్ర మొదలెట్టిన రెండు మూడు రోజుల్లో మూత్రం నల్లబడితే మాత్ర ఆపి, అదే రోజు డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.